చెదిరిన చిట్టీల నుంచి బిల్లు: ఆటో కిరాయిని ఏ వరుసలో చూపాలి?

హన్మకొండ పైపుల కొట్టు:
ఆత్మకూరు వైపు రైతు ఒకరికి వారం రోజులుగా సరుకు ఇచ్చాను. బిల్లు ఇంకా కొట్టలేదు, చిట్టీలు మాత్రం నాలుగు ఉన్నాయి. నా చిట్టీలో పీవీసీ పైపులు 20, ఒక్కోటి 590, ట్యాక్స్ కలిపి. పిల్లవాడి చిట్టీలో డ్రిప్ లేటరల్ 4 బండిళ్లు, ఒక్కోటి 2,500, ట్యాక్స్ వేరే. ఇంకోదానిలో ఎల్బోలు 30, ఒక్కోటి 25, ఇదీ ట్యాక్స్ వేరే. చివరిదానిలో పైపులు 2 వాపసు, ఆటో కిరాయి 600, పైపుల మీద నూటికి 5 తగ్గింపు. అన్నీ కూడి, తగ్గింపు తీసి, మొత్తం మీద 18 శాతం వేస్తే 25,298 వచ్చింది. రైతు ఒప్పుకోవడం లేదు. ఎక్కడ తప్పింది, కిరాయిని ఎక్కడ రాయాలి?

జమ్మికుంట లెక్కలు:
అన్నా, మీ మొత్తంలో రెండు తప్పులు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. 590లో ట్యాక్స్ ముందే ఉన్నది కాబట్టి, దాని మీద మళ్లీ 18 వేస్తే పైపులకు రెండుసార్లు ట్యాక్స్ పడుతుంది. ఇక డ్రిప్ లేటరల్‌కు 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతమే, అంతకుముందు 12 శాతం ఉండేది. దానికి 18 వేస్తే రైతు ఒప్పుకోకపోవడంలో ఆశ్చర్యం లేదు.

చిట్టీలను కూడకముందే ప్రతి ధర పక్కన 'కలిపి' లేదా 'వేరే' అని రాసుకోవాలి, తర్వాత కలిపి ఉన్న ధరలను విడదీయాలి. బిల్లు ఇంకా ఇవ్వలేదు కాబట్టి వాపసు వచ్చిన 2 పైపులను కొట్టివేసి, 18 అనే రాయండి. బిల్లు ఇచ్చిన తర్వాత వాపసు వస్తే మాత్రం క్రెడిట్ నోట్ ఇవ్వవలసి వస్తుంది, ఆ తలనొప్పి మీకు తప్పింది.

పరకాల హార్డువేర్:
అంత కష్టం ఎందుకు? 590లో 18 శాతం తీసేస్తే 483 రూపాయల 80 పైసలు వస్తుంది. అదే అసలు ధర. కిరాయి మన సరుకు కాదు కాబట్టి, బిల్లు అడుగున మొత్తం తర్వాత ట్యాక్స్ లేకుండా 600 చేర్చి ఇవ్వండి. నేను ఏళ్లుగా అట్లాగే చేస్తున్నాను.

జమ్మికుంట లెక్కలు:
483.80 మీద 18 శాతం వేసి చూడండి, 570.88 వస్తుంది గానీ 590 రాదు. 590 అనేది 100కు 18 చేరిన తర్వాతి సంఖ్య కాబట్టి దాన్ని 1.18తో భాగించాలి. అప్పుడు సరిగ్గా 500 వస్తుంది. మీ పద్ధతిలో 18 పైపులకు 291 రూపాయల 60 పైసలు మీ జేబులో నుంచే పోతున్నాయి, అడగడానికి ఎవరూ రారు కనుక మీకు తెలియలేదు.

కిరాయి విషయంలో మీరు సగం సరిగ్గానే చెప్పారు. రైతే ఆటోవాడికి నేరుగా డబ్బు ఇచ్చి ఉంటే అది బిల్లులోకే రాదు. కొట్టువారు తమ చేతితో ఇచ్చి, రైతు నుంచి వసూలు చేస్తే అది సరుకు విలువలో కలుస్తుంది. సీజీఎస్‌టీ చట్టం 15వ సెక్షన్ అమ్మేవారు వసూలు చేసే అనుబంధ ఖర్చులను విలువలో చేర్చమంటుంది. అమ్మకం నాడే ఇచ్చి బిల్లులో చూపిన తగ్గింపును మాత్రం విలువలో నుంచి తీసేయనిస్తుంది. అందుకే తగ్గింపు ట్యాక్స్‌కు ముందే పోవాలి, కిరాయి కూడా ట్యాక్స్‌కు ముందే చేరాలి.

మహాదేవపూర్ సరుకులు:
నేను గోదావరి దాటించి సిరోంచకు సరుకు పంపుతాను. నా బిల్లులో సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ రెండు వరుసలు కాక ఐజీఎస్‌టీ ఒక్కటే వస్తుంది. మీరు కూడా అట్లా ఒకే వరుస వేస్తే బిల్లు చూడడానికి తేలికగా ఉంటుంది కదా?

జమ్మికుంట లెక్కలు:
సరుకు మహారాష్ట్రలో దిగుతున్నది కాబట్టి మీకది సరి. ఆత్మకూరు ఇక్కడిదే కాబట్టి ఈ బిల్లులో రెండు వరుసలు తప్పవు.

ఇప్పుడు కిరాయి. రెండు రేట్ల సరుకు ఒకే ఆటోలో పోయింది కాబట్టి, సరుకు విలువను బట్టి నేను పంచుతాను. పైపులు తగ్గింపు పోగా 8,550, ఎల్బోలు 750, కలిపి 18 శాతం సరుకు 9,300. లేటరల్ 10,000. మొత్తం 19,300. పైపుల వైపు కిరాయి వాటా ఇట్లా వస్తుంది:

```
=ROUND(600*9300/19300,2)
```

289.12 వస్తుంది, మిగిలిన 310.88 లేటరల్ వైపు పోతుంది. రెండో వాటాను మళ్లీ సూత్రంతో తీయకుండా 600లో నుంచి తీసివేయండి, లేకుంటే పైసా తేడా వచ్చి మొత్తాలు కలవని రోజు ఒకటి వస్తుంది. బిల్లు ఈ వరుసలో ఉంటుంది:

| వివరం | హెచ్‌ఎస్‌ఎన్ | సంఖ్య | ధర | తగ్గింపు | కిరాయి వాటా | ట్యాక్స్ పడే విలువ | రేటు |
|---|---|---|---|---|---|---|---|
| పీవీసీ పైపు | 3917 | 18 | 500 | 450 | 265.80 | 8,815.80 | 18% |
| ఎల్బో | 3917 | 30 | 25 | – | 23.32 | 773.32 | 18% |
| డ్రిప్ లేటరల్ | 8424 | 4 | 2,500 | – | 310.88 | 10,310.88 | 5% |

దాని కింద రేటు వారీగా ట్యాక్స్ రాయండి. 18 శాతం వైపు విలువ 9,589.12, సీజీఎస్‌టీ 863.02, ఎస్‌జీఎస్‌టీ 863.02. 5 శాతం వైపు విలువ 10,310.88, రెండు పన్నులూ చెరి 257.77. ట్యాక్స్ మొత్తం 2,241.58, విలువ 19,900, కూడితే 22,141.58. చివర 42 పైసలు చేర్చి 22,142 చేయండి, ఆ 42 పైసలను విడిగా వరుసలో చూపండి. రేటు వారీ విలువలు రెండూ కూడితే 19,900 రాకపోతే ఏదో వరుస తప్పిందని అక్కడే తెలిసిపోతుంది.

కాజీపేట అకౌంట్స్:
నేను ఈ పంపకాన్ని ఒప్పుకోను. కిరాయిని విడి వరుసగా రాసి 18 శాతం వేస్తే విలువ 9,900 మీద 18, 10,000 మీద 5, ట్యాక్స్ 2,282, మొత్తం 22,182. తేడా 40 రూపాయలే. ప్రతి బిల్లుకూ వాటాలు తీస్తూ కూర్చుంటే సాయంత్రానికి కొట్టులో ఎవరూ మిగలరు. పైగా వాటాల గడి చూసి రైతుకు ఏమీ అర్థం కాదు, ఆటోకు 600 అన్న వరుస అయితే ఆయనకు గుర్తుంటుంది.

జమ్మికుంట లెక్కలు:
కాంట్రాక్టర్ అయితే ఆ 40 క్రెడిట్‌గా తీసుకుంటాడు కాబట్టి పట్టించుకోడు. ఈయన రైతు, ఆ డబ్బు ఆయన జేబులో నుంచే పోతుంది. రేటు 5 శాతం ఉన్న సరుకును మోసిన కిరాయికి 18 ఎందుకు? చూడడానికి ఇబ్బంది అయితే వాటాల గడిని లోపలే ఉంచుకుని, బిల్లు మీద 'ఆటో కిరాయి 600, పై విలువల్లో కలిసి ఉన్నది' అని ఒక మాట రాయవచ్చు.

కాజీపేట అకౌంట్స్:
సరే, కానీ విలువను బట్టే పంచాలని ఎవరన్నారు? 20 అడుగుల పైపులు ఆటో మొత్తం ఆక్రమించి, వెనుక ఎర్రగుడ్డ కట్టుకుని పోతాయి, లేటరల్ బండిళ్లు మూలన పడి ఉంటాయి. స్థలాన్ని బట్టి పంచితే కిరాయిలో ఎక్కువ భాగం 18 శాతం వైపే పోతుంది, నా లెక్కకే దగ్గర పడుతుంది.

జమ్మికుంట లెక్కలు:
ఆ మాటలో నిజం ఉన్నది. అయితే స్థలాన్ని చిట్టీ నుంచి కొలవలేము, విలువ మాత్రం కాగితం మీదే ఉంటుంది. అడిగినవారికి చూపగలిగే కొలతనే నేను ఎంచుకుంటాను.

హన్మకొండ పైపుల కొట్టు:
నిన్న రెండు రకాలుగానూ తీసి రైతు ముందు పెట్టాను. ఆయన 22,142 బిల్లు తీసుకుని, 'పైపులు 18 అనే రాసినవా' అని ఒక్కటే అడిగాడు. కాజీపేట వారి స్థలం లెక్క మాత్రం నన్ను వదలడం లేదు. ఇకనుంచి చిట్టీ మీద పైపుల వెంట లేటరల్ పోయిందా, విడి ఆటోలో పోయిందా అని రాయమని పిల్లవాడికి చెప్పాను.