డ్రిప్ రేట్ లెక్కలకి షార్ట్‌కట్లా, యూనిట్లు రాసుకుంటూ చేయడమా?

గోపాలపట్నం జీఎన్ఎం: నార్సెట్‌కి చదువుతున్నాను. కోచింగ్‌లో "మూడుతో భాగించు, నాలుగుతో భాగించు" అని నేర్పారు. వార్డులో సీనియర్ అక్క మాత్రం ప్రతి లెక్కా యూనిట్లతో రాయమంటుంది. డోపమైన్ లెక్క వచ్చేసరికి రెండూ కలగలిసి టెన్షన్ వచ్చేస్తోంది. ఏది ప్రాక్టీస్ చేయాలి?

ద్వారకానగర్ బ్యాచ్: షార్ట్‌కట్టే, డౌటే లేదు. గంటకి ఎన్ని మి.లీ. వెళ్లాలో తెలిస్తే చాలు. 20 చుక్కల సెట్ అయితే మూడుతో, 15 చుక్కలదైతే నాలుగుతో భాగించు. మైక్రో సెట్ అయితే అదే అంకె. 500 మి.లీ. సెలైన్ 4 గంటల్లో అంటే గంటకి 125, మూడుతో భాగిస్తే నిమిషానికి 42 చుక్కలు. పేపర్ మీద పెన్ను పెట్టక్కర్లేదు.

డోపమైన్‌కీ ఒకటి ఉంది. పేషెంట్ బరువుని మూడుతో గుణించి, అన్ని మి.గ్రా. మందుని 50 మి.లీ.కి చేస్తే, గంటకి 1 మి.లీ. అంటే కిలోకి నిమిషానికి 1 మైక్రోగ్రామ్. 5 మైక్రోగ్రాములు కావాలంటే గంటకి 5 మి.లీ. అంతే.

ఎంవీపీ ఐసీయూ స్టాఫ్: తమ్ముడూ, నువ్వు చెప్పిన రెండూ నిజమే. కానీ అవి ఎక్కడ ఆగిపోతాయో చెప్పకుండా నేర్పిస్తే ఆ అమ్మాయికి నష్టం.

ఆ మూడు ఎక్కడిది? గంటలో 60 నిమిషాలని 20 చుక్కలతో భాగిస్తే వచ్చింది. అందుకే అది గంటకి మి.లీ. అనే అంకె మీదే పనిచేస్తుంది. ఇప్పుడు ఇది చూడు: 100 మి.లీ. యాంటీబయాటిక్, 30 నిమిషాల్లో, 20 చుక్కల సెట్. కంటికి 100 కనపడగానే మూడుతో భాగించి 33 పెట్టేస్తారు. అసలు గంట రేటు 200, జవాబు 67. ఆప్షన్లలో 33 కచ్చితంగా ఉంటుంది. పేపర్ సెట్ చేసేవాళ్లకి మనం ఎక్కడ జారతామో తెలుసు.

డోపమైన్ షార్ట్‌కట్ విషయానికొస్తే, అది మందు కలిపేవాడికి పనికొస్తుంది. పరీక్షలో మందు కలిపేసే ఇస్తారు. "200 మి.గ్రా. ఆంప్యూల్, మొత్తం 50 మి.లీ.కి చేశారు, పేషెంట్ 50 కిలోలు, కిలోకి నిమిషానికి 5 మైక్రోగ్రాములు, సిరింజ్ పంప్ రేటు ఎంత?" అని అడుగుతారు. నీ పద్ధతిలో 50 కిలోలకి 150 మి.గ్రా. ఉండాలి. ఇక్కడ 200 ఉంది. నువ్వు 5 అంటావు, అది తప్పు.

జీఎన్ఎం అమ్మాయ్, నేనైతే ఇలా చేస్తాను. ముందు డోసుని పేషెంట్ వైపు నుంచి తెస్తాను: 5 ఇంటూ 50, నిమిషానికి 250 మైక్రోగ్రాములు. పంప్ గంటల్లో నడుస్తుంది కాబట్టి ఇంటూ 60, గంటకి 15,000 మైక్రోగ్రాములు. వెయ్యితో భాగిస్తే 15 మి.గ్రా. తర్వాత సిరింజ్ వైపు చూస్తాను: 50 మి.లీ.లో 200 మి.గ్రా., అంటే మి.లీ.కి 4. పదిహేనుని నాలుగుతో భాగిస్తే గంటకి 3.75 మి.లీ. ప్రతి అంకె పక్కనా దాని యూనిట్ రాస్తాను. చివర మి.లీ., గంట తప్ప ఇంకేదైనా మిగిలితే ఎక్కడో ఒక మెట్టు వదిలేశామని అక్కడే తెలిసిపోతుంది.

ఇంకో మాట. 60 కిలోల పేషెంట్‌తో మాత్రమే ప్రాక్టీస్ చేయకు. చాలా మోడల్ ప్రశ్నల్లో బరువు 60 ఇస్తారు, నిమిషాలూ 60. రెండింట్లో ఒకటి మర్చిపోయినా ఒకే తప్పు జవాబు వస్తుంది, ఏది మర్చిపోయావో నీకు ఎప్పటికీ తెలీదు. 50 కిలోలు పెట్టుకో. నిమిషాలు మర్చిపోతే 0.0625 వస్తుంది, బరువు మర్చిపోతే 0.075. నీ తప్పు ఏదో అంకే చెప్తుంది.

ఏయూ ఫార్మసీ థర్డ్ ఇయర్: నాకు జీప్యాట్‌లో ఇలాంటివే వస్తాయనుకుంటున్నా. నా సమస్య వేరు, శాతాలూ నిష్పత్తులూ. అడ్రినలిన్ 1:1000 అంటే మి.లీ.కి 1 మి.గ్రా. అని బట్టీ పట్టాను. 1:10,000 చూడగానే సున్నాలు ఎక్కువ కదా, మందు ఎక్కువేమో అనిపిస్తుంది. దీనికి కూడా యూనిట్ పద్ధతి వస్తుందా?

ఎంవీపీ ఐసీయూ స్టాఫ్: వస్తుంది బాబూ. 1:1000 అంటే 1000 మి.లీ.లో 1 గ్రాము. గ్రాముని 1000 మి.గ్రా. అని రాయి, మి.లీ.కి 1 మి.గ్రా. 1:10,000కి అదే 1000 మి.గ్రా.ని 10,000 మి.లీ.తో భాగించు, 0.1 వస్తుంది. సున్నా పెరిగితే మందు పలచబడింది. ఒక్కసారి చేత్తో రాస్తే ఇక బట్టీ అక్కర్లేదు. కానీ ఈ అమ్మాయి అడిగింది డ్రిప్ గురించి, అటు వెళ్లనీ.

రిటైర్డ్ నర్సింగ్ ట్యూటర్, మహారాణిపేట: యూనిట్లు రాయమని నేనూ ఏళ్ల తరబడి చెప్పాను. కానీ అందరికీ అదొక్కటే మందు కాదమ్మా. కొందరు పిల్లలు యూనిట్లన్నీ చక్కగా కొట్టేసి, చివర 3750 మి.లీ. అని రాసి ఇస్తారు. మైక్రోగ్రాముల్ని మి.గ్రా.లోకి మార్చడం మర్చిపోతే అదే వస్తుంది. చూసి కూడా వాళ్లకి ఏమీ అనిపించదు.

నేను క్లాసులో ఒకటే అడిగేదాన్ని: ఈ లెక్క ప్రకారం ఆ సిరింజ్ ఎంతసేపు వస్తుంది? గంటకి 3.75 అయితే 50 మి.లీ. పదమూడు గంటల పైన వస్తుంది, సరే. గంటకి 3750 అయితే నిమిషం కూడా రాదు. 0.0625 అయితే 800 గంటలు, నెల రోజులు పైన ఒకే సిరింజ్! వార్డులో ఒక్కరోజు నిలబడినవాళ్లు ఇది ఒప్పుకోరు. షార్ట్‌కట్ వాడినా, పొడుగ్గా రాసినా, ఈ ప్రశ్న వేసుకుని తీరాలి.

ద్వారకానగర్ బ్యాచ్: మేడమ్, సిరింజ్ చెక్ బాగుంది, ఒప్పుకుంటా. కానీ మామూలు సెలైన్ లెక్కకి కూడా యూనిట్లన్నీ రాస్తూ కూర్చుంటే మిగతా ప్రశ్నలు ఎప్పుడు చేస్తారు? షార్ట్‌కట్‌తో తప్పు చేసేది ప్రశ్న చదవనివాళ్లే.

ఎంవీపీ ఐసీయూ స్టాఫ్: సెలైన్‌కి నీ మూడూ నాలుగూ వాడనీ, నాకు అభ్యంతరం లేదు. ప్రశ్నలో "గంటలు" అని ఉందా, సెట్ చుక్కలు ఎన్ని, ఈ రెండూ గీత గీసుకున్నాకే. సెట్ 20దైతే నాలుగుతో భాగించినవాడికి 42 బదులు 31 వస్తుంది, నాలుగు గంటల బాటిల్ అయిదు గంటలు దాటి నడుస్తుంది. సెట్ ప్యాకెట్ మీద మి.లీ.కి ఎన్ని చుక్కలో అచ్చువేసే ఉంటుంది, వార్డులో అదే చూడాలి. కిలో అన్న మాట కనపడితే మాత్రం షార్ట్‌కట్ పక్కన పెట్టాలి.

గోపాలపట్నం జీఎన్ఎం: అక్కా, ఇప్పుడే ఒకటి చేశాను. డోబుటమైన్ 250 మి.గ్రా. 50 మి.లీ.లో, 70 కిలోలు, కిలోకి నిమిషానికి 7 మైక్రోగ్రాములు. నిమిషానికి 490, గంటకి 29,400, అంటే 29.4 మి.గ్రా. మి.లీ.కి 5 కాబట్టి 5.88. సిరింజ్ ఎనిమిదిన్నర గంటలు వస్తుంది, కుదిరినట్టే ఉంది. కానీ ఆప్షన్లలో 5.9, 6 రెండూ ఉన్నాయి. ఏది పెట్టాలి?

రిటైర్డ్ నర్సింగ్ ట్యూటర్, మహారాణిపేట: 5.9 అమ్మా. పంప్‌లో ఒక దశాంశం పెట్టొచ్చు, పూర్ణాంకంలోకి మార్చాల్సింది చుక్కల్నే. సగం చుక్క లెక్కపెట్టలేం కదా.

ద్వారకానగర్ బ్యాచ్: మా మెటీరియల్‌లో ఇదే ప్రశ్నకి కీ 6 అని ఉంది మేడమ్. పేపర్‌లో ఎంతవరకు రౌండ్ చేయాలో రాయకపోతే ఏం చేయాలి?

ఎంవీపీ ఐసీయూ స్టాఫ్: ఆ కీ నేను ఒప్పుకోను. 5.9 పక్కనే ఉండగా 6 పెట్టమనడానికి కారణం కావాలి. మీ సార్‌ని అడిగి ఇక్కడ రాయి, ఆయన ఏమంటారో చూద్దాం.