అడిగేటప్పుడు లెండా, బారోనా?

పాలకొండ కుర్రాడు:
డిగ్రీ ఫైనలియర్ నాది. స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో పక్కవాడిని పెన్ను అడుగుతూ 'కెన్ ఐ లెండ్ యువర్ పెన్' అన్నాను, అందరూ నవ్వారు. బారో అనాలట. సరే అని మర్నాడు 'కెన్ యు బారో మీ ఎ పెన్' అన్నాను, అదీ తప్పేనట. రెండుసార్లూ నేను అడిగింది పెన్నే కదా! లెర్న్, టీచ్ దగ్గరా ఇదే టెన్షన్. తెలుగు అర్థాలు బట్టీ పట్టేస్తే సరిపోతుందా, లేక అదే నన్ను ముంచుతోందా?

రాజాం రైడర్:
ఇందులో ఏటుంది తమ్ముడూ. ఇచ్చేవాడు లెండ్, అడిగేవాడు బారో. ఇంటర్ నుంచి నేను ఇదొక్కటే గుర్తు పెట్టుకున్నా, ఇప్పటిదాకా ఎక్కడా ఆగలేదు. నువ్వు అడుగుతున్నావు కాబట్టి బారో. అయిపోయింది.

బొబ్బిలి మాస్టారు:
రాజాం బాబు చెప్పింది సగం నిజం, మిగతా సగమే ఈ కుర్రాడిని రెండోరోజు కూడా నవ్వులపాలు చేసింది. అడిగేవాడు బారో అనే సూత్రం పట్టుకునే కదా 'కెన్ యు బారో మీ' అన్నాడు. అడుగుతూ కూడా లెండ్ అనొచ్చు, రోజూ అంటారు: 'కెన్ యు లెండ్ మీ ఎ పెన్'. ఇది తప్పు కాదు.

కాబట్టి మాట్లాడేది ఎవరు, అడిగేది ఎవరు అన్నది వదిలెయ్. ఆ వాక్యంలో పని చేసేది ఎవరో చూడు. తెలుగులో నువ్వు పెన్ను రెండు రకాలుగా అడుగుతావు. 'పెన్ను ఒకసారి ఇస్తావా' అంటే ఇవ్వాల్సింది అవతలివాడు. 'నీ పెన్ను ఒకసారి తీసుకోనా' అంటే తీసుకునేది నువ్వు. పెన్ను అదే, అడిగేది నువ్వే, కానీ పని చేసేవాడు మారిపోయాడు. ఇంగ్లీషులో 'కెన్' తర్వాత 'యు' వచ్చిందా, అతను ఇవ్వాలి, లెండ్. 'ఐ' వచ్చిందా, నువ్వు తీసుకోవాలి, బారో. నీ మొదటి వాక్యంలో 'ఐ' పక్కన లెండ్ పెట్టావు, అంటే 'నీ పెన్ను నేను ఇంకొకరికి ఇవ్వనా' అని అడిగినట్టయింది. నవ్వింది అందుకే.

లెర్న్, టీచ్ కూడా అంతే. టీచ్ ఇచ్చేవాడి వైపు, లెర్న్ పుచ్చుకునేవాడి వైపు. అనుమానం వస్తే వెంటనే 'మీ' పెట్టి చూడు. 'లెండ్ మీ', 'టీచ్ మీ' నిలబడతాయి. 'బారో మీ', 'లెర్న్ మీ' నిలబడవు, వాటికి మనిషిని చెప్పాలంటే మధ్యలో 'ఫ్రమ్' కావాలి. నలభై మంది పిల్లల పేపర్లు దిద్దేటప్పుడు నేను ముందు వెతికేది ఆ ఒక్క 'మీ'నే.

నరసన్నపేట లక్ష్మి:
మాస్టారూ, మా డ్వాక్రా గ్రూపులో కూడా ఈ సందేహమే నడుస్తోంది. పాత లోను పూర్తిగా కట్టకుండా కొత్తది ఇస్తారా? వడ్డీ ఎవరిని అడగాలి?

రాజాం రైడర్:
అక్కా, ఇక్కడ అప్పు పుట్టదు, అప్పుకి ఇంగ్లీషు మాట మాత్రమే పుడుతుంది.

నాగావళి ఒడ్డు:
తెలుగు బట్టీ వద్దు అనేవాళ్ళతో నాకు పేచీ. నేను ట్యూషన్ చెప్పే పిల్లలకి ఒక్క 'కో' పట్టుకోమంటాను. నేర్చుకో, తీసుకో, పుచ్చుకో, తెచ్చుకో, అన్నిట్లో 'కో' ఉంది చూడండి, అది వచ్చిందంటే ఆ పని ఫలితం చేసేవాడి దగ్గరికే వస్తుంది. నేర్చుకో అంటే లెర్న్, తీసుకో అంటే బారో. 'కో' లేని నేర్పు, ఇవ్వు అంటే టీచ్, లెండ్. ఆరో తరగతి పిల్లలు కూడా ఒక పూటలో పట్టేస్తారు. సొంత భాషలో ఇంత చక్కటి గుర్తు ఉండగా 'మీ' పెట్టి చూడు, 'ఫ్రమ్' పెట్టి చూడు అని తిప్పడం దేనికి?

బొబ్బిలి మాస్టారు:
బాగుందమ్మా, నాకు ఇన్నేళ్ళలో తట్టలేదు. కానీ ఒక్క చోట జారుతుంది. మన ఊళ్ళో 'పెళ్ళికి రెండు లక్షలు అప్పు చేశాడు' అంటాం. ఎక్కడుంది 'కో'? అయినా అది బారోయే. 'కొట్లో అప్పు పెట్టాడు' అంటాం, అది అసలు లెండూ కాదు, బారో కూడా కాదు, సరుకు కొన్నాడు, డబ్బు తర్వాత ఇస్తాడు, దానికి ఇంగ్లీషులో వేరే మాట, 'బాట్ ఆన్ క్రెడిట్' అంటారు. మనకి అప్పు అనే ఒక్క పేరు ఉంది, దాని పక్కన ఇవ్వు, చెయ్యి, పెట్టు, తీర్చు అని ఏది తగిలిస్తే అటు తిరుగుతుంది. ఇంగ్లీషువాడు ఆ దిక్కుని క్రియ లోపలే కుక్కేశాడు. అందుకే తెలుగు వాక్యంలో అప్పు అన్న మాట పట్టుకుని ఇంగ్లీషు మాట వెతికితే దొరకదు, దాని పక్కనున్న క్రియని పట్టుకోవాలి.

ఇంకోటి. మనం 'ఆయన మాకు లెక్కలు చెప్తారు' అంటాం. నేర్పుతారు అని ఎవరన్నారు చెప్పు, ఇంట్లో? అది చూసుకుని పిల్లలు 'హి టెల్స్ మ్యాథ్స్' అని రాసేస్తారు. 'కో' పరీక్షకి అందదు ఇది.

నాగావళి ఒడ్డు:
ఒప్పుకుంటా, అప్పు చేయడం దగ్గర నా 'కో' ఓడిపోయింది. కానీ మొదటి నెలలోనే మినహాయింపులన్నీ చెప్తే పిల్లలు ఎగ్గొడతారు మాస్టారూ. తప్పులు తర్వాత దిద్దుకోవచ్చు.

కోట దగ్గర శీను:
విజయనగరం నుంచి. నా కథ వినండి, ఇది నాకు ఉద్యోగం దగ్గర తగిలింది. ఇంటర్వ్యూలో ఇంటి పరిస్థితి అడిగారు. మా చెల్లి పెళ్ళికి మావయ్య దగ్గర రెండు లక్షలు తెచ్చాం, అదే చెప్దామని 'ఐ లెంట్ టూ లాక్స్ ఫ్రమ్ మై అంకుల్' అన్నాను. ఆయన తల ఊపి, 'హ్యాజ్ హి పెయిడ్ యు బ్యాక్' అన్నాడు. నాకు అర్థం కాలేదు, మా మావయ్య నాకు తిరిగి ఇవ్వడమేంటి! 'నో సర్, ఐ విల్ పే హిమ్' అన్నాను. ఆయన మొహం చూడాలి, ఇచ్చినవాడే మళ్ళీ ఇస్తానంటున్నాడేంటి వీడు అన్నట్టు. ఉద్యోగం రాలేదు, దీనివల్లే అని అనను, నా మార్కులు కూడా అంతంత మాత్రమే.

బొబ్బిలి మాస్టారు:
శీనూ, తప్పు తెలుసుకునే మార్గం నువ్వే చూపించావు. అవతలివాడు వేసే తర్వాతి ప్రశ్న గమనించాలి. 'తిరిగి ఇచ్చాడా' అని నిన్ను అడిగాడంటే నిన్ను అప్పు ఇచ్చినవాడి కింద కట్టేశాడని అర్థం. నీ వాక్యంలో ఇంకో చిక్కు ఏమిటంటే, లెంట్ ఇటు లాగుతుంది, ఫ్రమ్ అటు లాగుతుంది, ఆయన క్రియనే నమ్మాడు. సరి చేయడానికి రెండు దారులు. నువ్వే ముందుంటే 'ఐ బారోడ్ టూ లాక్స్ ఫ్రమ్ మై అంకుల్'. మావయ్య ముందుంటే 'మై అంకుల్ లెంట్ మీ టూ లాక్స్'. రెండోదాంట్లో ఫ్రమ్ లేదు చూడు, లెంట్ పక్కనే మీ కూర్చుంది.

టెక్కలి టు డల్లాస్:
మాస్టారూ, 'బారో మీ' అసలు నిలబడదు అనేశారు. మా కజిన్ మిన్నెసోటాలో ఉంటాడు, అక్కడి పాతకాలపు మనుషులు కొందరు 'బారో మీ ఎ పెన్' అనే అంటారని చెప్పాడు. 'లెర్న్ మీ' కూడా ఇంగ్లీషు పల్లెల్లో ఉందట. మరి అది తప్పెలా అవుతుంది?

బొబ్బిలి మాస్టారు:
ఉంది, కాదనను. పాత ఇంగ్లీషు రాతల్లో లెర్న్ అంటే నేర్పడం అని కూడా వాడారు. జర్మన్‌లో 'లైహెన్' అనే ఒకే క్రియ ఇచ్చేవాడికీ తీసుకునేవాడికీ చెల్లుతుంది, ఫ్రెంచిలో 'అప్రాంద్ర్' నేర్చుకోవడానికీ నేర్పడానికీ ఒకటే. అంటే ఇది మన కుర్రాడి బుర్రలో లోపం కాదు, చాలా భాషలు ఈ రెంటినీ కలిపేస్తాయి. కానీ పరీక్ష దిద్దేవాడికి మిన్నెసోటా తెలీదు. పల్లె మాటని నాలుగేళ్ళు ఇంగ్లీషు వాడాక వాడుకో, ముందు కాదు.

టెక్కలి టు డల్లాస్:
అంటే మన శ్రీకాకుళం యాస తప్పు అన్నట్టే కదా ఈ లాజిక్. నేను ఒప్పుకోను. తప్పు వేరు, పరీక్షలో పనికిరాకపోవడం వేరు.

నాగావళి ఒడ్డు:
ఈ ఒక్క మాటకి నేను డల్లాస్ గారి వైపు.

రాజాం రైడర్:
నాదొక డౌట్. 'ఐ రెంటెడ్ ఎ హౌస్' అంటే నేను అద్దెకి ఇచ్చానా, తీసుకున్నానా? మా ఇంటి పైభాగం అద్దెకి ఇచ్చాం, ఎలా చెప్పాలి?

బొబ్బిలి మాస్టారు:
మంచి చోట పట్టావు. రెంట్‌కి రెండు మొహాలున్నాయి. ఊరికే చెప్తే ఎక్కువమంది తీసుకున్నావనే అనుకుంటారు. ఇచ్చావని చెప్పాలంటే 'రెంటెడ్ అవుట్' అను, గొడవ ఉండదు. ఇలాంటిదే 'టేక్ ఎ క్లాస్'. మన దగ్గర సార్ క్లాస్ తీసుకున్నారు అంటే పాఠం చెప్పారని. అమెరికాలో 'ఐ టుక్ ఎ క్లాస్' అంటే నువ్వు విద్యార్థిగా కూర్చున్నావని. ఇక్కడ ఏది వాడాలో నేను తేల్చలేను, వినేవాడు ఎవరో చూసుకోవాలి.

పాలకొండ కుర్రాడు:
మాస్టారూ, సొంతంగా మూడు రాశాను. మా చెల్లికి లెక్కలు చెప్తున్నా: 'ఐ యామ్ టీచింగ్ మై సిస్టర్ మ్యాథ్స్'. మావయ్య దగ్గర బండి నేర్చుకున్నా: 'ఐ లెర్న్డ్ టు రైడ్ ఫ్రమ్ మై అంకుల్'. ఛార్జర్ కావాలి: 'కెన్ ఐ బారో ఎ ఛార్జర్ టు యు'.

బొబ్బిలి మాస్టారు:
మొదటి రెండూ భేష్. మూడోదాంట్లో 'టు' తీసి 'ఫ్రమ్' పెట్టు, వస్తువు అతని దగ్గర్నుంచి నీ దగ్గరికి వస్తోంది కదా. అసలు 'కెన్ ఐ బారో యువర్ ఛార్జర్' అనేస్తే ఆ గొడవే లేదు.

పాలకొండ కుర్రాడు:
ఒకటే మిగిలింది. పక్కింట్లో ఉప్పు బదులు తెస్తే బారో అనొచ్చా? ఆ ఉప్పు కూరలో కలిసిపోతుంది, అదే ఉప్పు తిరిగి ఇవ్వలేం కదా.

బొబ్బిలి మాస్టారు:
అనొచ్చు. డబ్బు కూడా అదే నోటు తిరిగి ఇవ్వం కదా, అంతే విలువ ఇస్తాం. ఉప్పయినా పంచదారయినా అంతే కొలత తిరిగి ఇస్తానంటే బారోయే. ఇవ్వను అనుకుంటే మాత్రం అది ఊరికే అడగడం.

నరసన్నపేట లక్ష్మి:
మా వీధిలో ఉప్పు చేతికి ఇవ్వరు బాబూ, కింద పెడితే తీసుకోవాలి. అప్పుడు ఇచ్చినట్టా, తీసుకున్నట్టా? అది చెప్పండి ముందు.