కన్సల్టెంట్ లెటర్ 25 వేలు, స్టాఫ్ లెటర్ 21 వేలు: ఎటు పోవాలె?

హన్మకొండ_చిన్నోడు
ఈ ఏడే సోషల్ వర్క్ పీజీ ఎంఎస్‌డబ్ల్యూ అయిపోయింది. ఎన్జీవోలల్ల రెండు ఆఫర్లున్నయి. ఒకటి ములుగు దిక్కు పిల్లల పోషణ ప్రాజెక్టు, కన్సల్టెంట్ లెటర్, నెలకు 25 వేలు, 11 నెలలు. రెండోది హన్మకొండలనే, బడి మానేసిన పిల్లలతోని పని, స్టాఫ్ లెటర్, 21 వేలు, పీఎఫ్ వేరే. నాయిన 25 వేలదే పట్టుమంటున్నడు. ఊర్లల్ల పని నేర్వాలంటే ఏది మంచిది?

నర్సంపేట_అక్క
తమ్మీ, ఏం నేర్చుకుంటవో తర్వాత చూద్దువు, ముందు లెటర్ సదువు. ఆరేండ్లల్ల నాకు నాలుగు లెటర్లు ఇచ్చిండ్రు, నాలుగూ కన్సల్టెంట్‌వే. మార్చిల ప్రాజెక్టు అయిపోయింది, కొత్త పైసలు జూన్‌ల వచ్చినయి. ఏప్రిల్, మే ఊర్లకు తిరిగిన, ఒక్క రూపాయి ఇయ్యలే. "నమ్మకంగ ఉండు" అన్నరు. ఆ రెండు నెలల కిరాయికి నా కమ్మలు కుదువ పెట్టిన.

లెక్కల_మనిషి
17 ఏళ్లుగా సంస్థల ఖాతాలు రాస్తున్నాను. ఈ జిల్లాలో ఇలాంటి లెటర్లు నాకంటే ఎక్కువ చూసినవాళ్లు తక్కువే. లెక్క చూడు.

25 వేలలో పది శాతం టీడీఎస్ పట్టుకుంటారు, చేతికి 22,500. స్టాఫ్ అయితే 21 వేలలో నీ పీఎఫ్ వాటా 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికి 19 వేలు. నెలకు 3,500 తేడా, మీ నాయన చూసేది ఇదే. ఇప్పుడు ఏడాదికి లెక్క వేయి. 11 నెలలకు 2,75,000. పన్ను పడే ఆదాయం కాదు కాబట్టి ఐటీఆర్ వేస్తే టీడీఎస్ తిరిగొస్తుంది. స్టాఫ్‌కు 12 నెలలకు 2,52,000, దానిపైన సంస్థ కట్టే పీఎఫ్ 21,600, మొత్తం 2,73,600. తేడా 1,400. ములుగుకు బండి పెట్రోలు నీదే అయితే అదీ మిగలదు. ఐదేళ్లు నిలిస్తే స్టాఫ్‌కు గ్రాట్యుటీ కూడా.

పాత_కార్యకర్త
మేము ఏటూరునాగారం గూడేలకు పోయిన రోజుల్లో నెలకు 600 ఇచ్చేవారు. గ్రాట్యుటీ లెక్కలు వేసుకుని ఎవరూ ఊళ్లోకి రాలేదు. ముందు పని చూడు బాబూ, మిగతావి వస్తాయి.

నర్సంపేట_అక్క
రాలే సారూ. నాకు ఆరేండ్లయినా రాలే. మీకు ఇంటికాడ రెండెకరాల పొలమన్న ఉండెనేమో. నాకు పని మీద ప్రేమ లేదని మీరెట్లంటరు? బరువు తక్కువున్న పిల్లల్ని దవాఖానల పోషణ వార్డు ఎన్నార్సీకి ఆటోల నేనే తీస్కపోయిన, ఆ కిరాయి కూడ నేనే పెట్టుకున్న.

పాత_కార్యకర్త
నిన్ను అనలేదమ్మా. పొలం సంగతి ఎందుకు? అప్పుడు అందరం అట్లానే బతికాం.

నర్సంపేట_అక్క
అందరు బతకలే. బతికినోళ్లే ఇప్పుడు చెప్తున్నరు.

పరకాల_రోడ్డు
సంస్థలది కూడ తప్పు లేదు. 2020ల విదేశీ విరాళాల చట్టం మార్చిండ్రు, జీతాలకు 20 శాతం మించి ఇయ్యద్దని. అందుకే అందర్ని కన్సల్టెంట్లను చేసిండ్రు.

లెక్కల_మనిషి
సగమే నిజం. 50 నుంచి 20 శాతానికి తగ్గించింది పరిపాలన ఖర్చును, జీతాలన్నిటినీ కాదు. బడి నడిపే సంస్థలో టీచరు జీతం, ఆసుపత్రిలో డాక్టరు జీతం అందులోకి రావు. ఆఫీసు మేనేజరు, నాలాంటి అకౌంటెంటు వస్తారు. చిన్న సంస్థలను అసలు దెబ్బకొట్టింది ఇంకోటి: విదేశీ నిధులను ఒక సంస్థ ఇంకో సంస్థకు ఇవ్వకూడదన్నారు. హైదరాబాదు పెద్ద సంస్థ కింద నడిచినవి అక్కడే ఆగాయి.

కన్సల్టెంట్ చేసేది ఎక్కువగా పీఎఫ్ తప్పించుకోవడానికే. 20 మంది ఉద్యోగులుంటే పీఎఫ్ కట్టాలి, అందుకని కాగితం మీద 19 దాటనివ్వరు. హాజరు రిజిస్టరు, సెలవు చీటీ, సూపర్‌వైజరు ఉండి లెటర్‌లో మాత్రం "ఫీజు" అని రాస్తే అది కన్సల్టెంట్ పని కాదు.

పరకాల_రోడ్డు
మా సార్ 20 శాతం జీతాలకే అని మీటింగుల చెప్పిండు. ఆయనకు తెల్వదా?

గ్రూప్2_ప్రయత్నం
గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్‌లో పోస్టులు పడుతున్నాయా? ఎంఎస్‌డబ్ల్యూకు ఏమైనా వెయిటేజీ ఉంటుందా?

హన్మకొండ_చిన్నోడు
ములుగు ఆఫీసుకు ఫోన్ చేసిన. పెట్రోలు కిలోమీటరుకు ఇస్తరట, కాని లెటర్ల రాయరట. 11 నెలల తర్వాత సంగతి అడిగితే "డోనర్‌ను బట్టి" అన్నరు. నాకు ఇంక ఆ పనే మనసుల ఉంది. రెండు రోజులు టైం అడిగిన.

నర్సంపేట_అక్క
కిలోమీటరుకు ఎంతనో ఈమెయిల్ల రాయించుకో. ఫోన్ మాట నిలబడదు.

జనగామ_ఫీల్డు
లెక్కల అన్నా, నా ఫీజుల పది శాతం ప్రతి నెల పట్టుకున్నరు. పట్టుకున్న పన్ను చూపే 26AS తెరిస్తే డిసెంబర్ నుంచి మార్చి దాక ఏం కనబడ్తలేదు. ఆఫీసుల అడిగితే కట్టినం అంటున్నరు. ఎవల దగ్గరికి పోవాలె?