అమ్మానాన్నల వైద్యం ఖర్చు జీతాన్ని బట్టి పంచుకుందామన్నాను, తమ్ముళ్లు ఒప్పుకోవట్లేదు

తెనాలి ఆడపడుచు: ముగ్గురం ఉన్న గ్రూపులో నేను పెట్టిన మెసేజ్ ఇది: "నాన్న షుగరు, గుండె మందులు, అమ్మ ఫిజియోథెరపీ, పరీక్షలు కలిపి నెలకు 24,000 అవుతోంది. నా చేతికొచ్చేది 1,20,000, పెద్దోడికి 50,000, చిన్నోడికి కొట్టు మీద 30,000. ఆ లెక్కన నేను 14,400, పెద్దోడు 6,000, చిన్నోడు 3,600 వేసుకుందాం. అంతా చిన్నోడి ఖాతాకి పంపుదాం, వాడు బిల్లులు గ్రూపులో పెట్టాలి." పెద్దోడు ఇంటి లోను ఉందంటున్నాడు. చిన్నోడు చూసి కూడా జవాబివ్వలేదు. ఇందులో అన్యాయం ఏముంది?

గోదారి గట్టు: పెళ్లై వెళ్లిన ఆడపిల్లవి, నువ్వు ఇవ్వడమే ఎక్కువ అమ్మా. చట్టం ప్రకారం కొడుకులదే బాధ్యత, వాళ్లిద్దరినీ చెరి సగం పెట్టుకోమను.

లెక్కల మాస్టారు: తప్పండీ. తల్లిదండ్రుల పోషణ మీద 2007లో వచ్చిన చట్టంలో పిల్లలంటే కూతుళ్లు కూడా. పెళ్లయిన కూతురికీ బాధ్యత ఉందని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది.

అక్కగారి లెక్కలో చిక్కు వేరే ఉంది. ముగ్గురి దగ్గరా నూటికి 12 చొప్పున తీస్తున్నారు. చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది కానీ 3,600 పోతే చిన్నాయన ఇంట్లో బియ్యం, పిల్లల ఫీజు దగ్గరే కోత పడుతుంది. మీకు 14,400 పోయినా ఇంకా లక్ష పైన మిగులుతుంది. ముందు తలా 25,000 ఇంటి ఖర్చుకని పక్కన పెట్టండి. మిగిలేది మీకు 95,000, పెద్దాయనకు 25,000, చిన్నాయనకు 5,000. దాని మీద పంచితే మీది 18,240, ఆయనది 4,800, చిన్నాయనది 960.

గోదారి గట్టు: మరి లోను కట్టేవాడి ఈఎమ్ఐ తీయరా? అతని చేతిలో మిగిలేదెంత?

లెక్కల మాస్టారు: ఆ ఈఎమ్ఐతో అతని పేరున ఇల్లు తయారవుతోంది. అది తీసేస్తే రేపు అక్కగారు కూడా ఫ్లాటు కొని నాకూ మిగల్లేదంటారు.

గోదారి గట్టు: అద్దె కట్టేవాడికి అద్దె ఖర్చు, లోను కట్టేవాడికి లోను ఖర్చు కాదా? మీరు జీతమే చూస్తున్నారు, మనిషిని చూడట్లేదు.

వరంగల్ సుజాత: మా అన్నయ్య కూడా ఇలాగే పెద్ద మెసేజ్ పెట్టాడు. కొన్నాళ్లు పంపి ఆపేశాడు. అమ్మ కంటి ఆపరేషన్‌కి నా గాజులు తాకట్టు పెట్టాను. శాతాలు రాసేవాళ్లను నేను నమ్మను.

తెనాలి ఆడపడుచు: సుజాతగారూ, నేను ఎగ్గొట్టట్లేదండీ, ఎక్కువ ఇస్తానంటున్నాను. నన్నెందుకు ఆ లెక్కలో కడతారు?

చిన్నకోడలు: మా ఇంట్లో అత్తమామల్ని చూసుకునేది మేమే కాబట్టి చెప్తున్నా. షుగరు పరీక్షంటే పరగడుపున ఒకసారి రక్తం తీస్తారు, టిఫిన్ పెట్టించి రెండు గంటలాగి మళ్లీ తీస్తారు. అంతసేపూ పక్కన ఒక మనిషి ఉండాలి, ఆ పూట కొట్టు షట్టరు తెరుచుకోదు. మీ 24,000లో ఆ పోయిన బేరం ఎక్కడుంది? పైగా బిల్లులు గ్రూపులో పెట్టమంటే, మీరు అనుమానించకపోయినా, వినేవాడికి లెక్క అడిగినట్టే ఉంటుంది.

తెనాలి ఆడపడుచు: అనుమానం కాదు, బిల్లులు నాకు పన్నుకి కావాలి! అయినా చేసేవాడు చిన్నోడొక్కడే అనకండి. నాన్న ఇల్లు వాడి పేరున రాసిచ్చారు, నేను ఒక్క మాట అనలేదు. పెద్దోడికి మాత్రం అదే గుచ్చుకుంటోంది. ఇల్లు తీసుకున్నోడే మందులు కొనాలని నిన్న ఫోన్‌లో అరిచాడు.

గోదారి గట్టు: ఇదా సంగతి! ఈఎమ్ఐ అంతా సాకే. ఇల్లు తీసుకున్నవాడు ఎక్కువ పెట్టాల్సిందే.

చిన్నకోడలు: ఇల్లు అమ్ముకుని మందులు కొంటాడా? అమ్మానాన్న ఉండేది కూడా అందులోనే కదా.

లెక్కల మాస్టారు: ఆ దస్తావేజులో తల్లిదండ్రుల్ని చూసుకోవాలన్న షరతు ఉందో లేదో చదవండి. షరతు ఉండి చూసుకోకపోతే, అదే 2007 చట్టం కింద దాన్ని రద్దు చేయమని పెద్దవాళ్లు ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. కానీ మీ ఇంట్లో అతను చూసుకుంటున్నాడు. నెల ఖర్చునీ ఇంటినీ కలిపితే ఇది తెగదు. ఇంటి మాట ముగ్గురూ నాన్నగారి ముందు కూర్చుని తేల్చుకోండి.

పన్ను సంగతికొస్తే, మీరు పాత పద్ధతిలో కడుతూ, 60 దాటిన వాళ్లకి ఆరోగ్య బీమా లేకపోతే, వైద్యం ఖర్చు ఏడాదికి 50,000 దాకా పన్ను మినహాయింపు కింద చూపించుకోవచ్చు. నగదు ఇస్తే రాదు. తమ్ముడి ఖాతాకి పంపి అతను కడితే, మీరే ఖర్చు పెట్టారని చూపడం కష్టం. మెడికల్ షాపుకీ ల్యాబుకీ మీరే నేరుగా ఫోన్‌లో కట్టేయండి. బిల్లు మీకే వస్తుంది, తమ్ముణ్ణి లెక్క అడిగే పనీ ఉండదు.

వరంగల్ సుజాత: ఆ పని మా అన్నయ్య చేసుంటే నా గాజులు ఉండేవి.

తెనాలి ఆడపడుచు: మందుల షాపుకి నేనే కడతానని చిన్నోడికి ఇప్పుడే చెప్పాను. "960 కాదు, 3,600 ఇస్తాను, కానీ నెలకో పరీక్షకి నువ్వొచ్చి కూర్చో" అన్నాడు. సెలవు దొరుకుతుందో లేదో చూడాలి. పెద్దోడు గ్రూపులోంచి వెళ్లిపోయాడు.