అప్‌డేట్: అమ్మకాల లెక్కకీ గల్లా డబ్బుకీ తేడా ఎందుకొచ్చిందో తెలిసింది

నా పాత ప్రశ్న: "ప్రాజెక్ట్ కోసం ఒక చిన్న దుకాణం అమ్మకాలు రోజూ రాస్తున్నాను. పుస్తకంలో లాభం బాగా కనిపిస్తోంది, గల్లాలో మాత్రం అంత డబ్బు లేదు. తప్పెక్కడ?"

సాయం చేసిన అందరికీ థ్యాంక్స్. అరువు ఖాతాను విడిగా చూడమన్న సలహాతోనే దారి దొరికింది. మా గైడ్ నా పుస్తకం తిరగేసి అదే చూపించారు. అరువుకు అమ్మిన రోజే అది అమ్మకంగా రాశాను. ఆ బాకీ వసూలైన రోజు మళ్లీ అమ్మకంలో కలిపాను.

ఒక రోజు లెక్క చూడండి. నగదు అమ్మకం 4000, అరువు అమ్మకం 1000, పాత బాకీ వసూలు 700. నేను అమ్మకం 5700 అని రాశాను, అసలు 5000. గల్లా లెక్క వేరు: ఉదయం ఉన్న 500, నగదు అమ్మకం 4000, వసూలు 700 కలిపితే 5200. సరుకు ఇచ్చినవాళ్లకు కట్టిన 1500, యజమాని ఇంటికి తీసుకున్న 300 పోగా 3400 మిగలాలి. ఆ 300 నేను ఎక్కడా రాయనేలేదు. యజమాని సొంత వాడకం ఖర్చు కాదు కాబట్టి లాభంలో తగ్గించకూడదు, గల్లాలో మాత్రం తగ్గించాలి.

ధరల మార్జిన్ మీద నాకున్న అనుమానానికీ ఈ తేడాకీ సంబంధం లేదు. ఇప్పుడు నగదు, అరువు, వసూలు, సొంత వాడకం అని నాలుగు కాలమ్‌లు పెట్టి రాస్తున్నాను. ప్రాజెక్ట్ టాపిక్ కూడా అరువు వసూలుకు పట్టే రోజుల మీదకు మార్చుకున్నాను.