తొలకరి మీద వచన కవితలో 'కమ్మని మట్టి వాసన' ఉండాలా, వద్దా?

అనంత_చినుకు: ఒక పత్రిక ప్రకృతి ప్రత్యేక సంచికకు తొలకరి వాసన మీద వచన కవిత పంపాను. 'కమ్మని మట్టి వాసన' అన్న పాదం తీసేయమంటున్నారు. వాసన మీద కవితలో వాసన అనకుండా ఎలా? మొదలు ఇదీ:

తొలకరి జల్లు కురిసింది
నేల తల్లి గుండె పులకరించింది
కమ్మని మట్టి వాసన
నా మనసంతా నిండింది

శ్రీను_గుంటూరు: తీయకండి. ఆ మాట వినగానే ఎవరికైనా ముక్కుకు తగులుతుంది. వచన కవితకు ఛందస్సు లేదు కాబట్టి పాదం ఎక్కడ విరిచినా ఒకటే. జల్లు బదులు కుండపోత అనండి, వాన పెద్దదైతే వాసనా ఎక్కువ. ఈ వాసనకు ఇంగ్లీషులో ఉన్న పేరు 'పెట్రికోర్', శీర్షికగా అదే పెడితే కొత్తగా ఉంటుంది.

కొత్త_కుండ: శ్రీను గారూ, వాన సంగతి తిరగబడింది. చినుకు పొడి నేల మీద పడినప్పుడు దాని కింద సన్నటి గాలి బుడగలు చిక్కుకుంటాయి. అవి సోడా పొంగినట్టు పైకి లేచి పగులుతూ వాసనను గాలిలోకి చిమ్ముతాయి. 2015లో అమెరికాలో ఎంఐటీ వాళ్లు దీన్ని హైస్పీడ్ కెమెరాతో తీసి చూపించారు. సన్న, మధ్యరకం చినుకులకే ఇది బాగా జరుగుతుంది. కుండపోతలో అంతగా ఉండదు. కాబట్టి 'జల్లు' సరైన మాటే.

'పెట్రికోర్' 1964లో ఆస్ట్రేలియాలో ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్ అనే శాస్త్రవేత్తలు గ్రీకు మాటలతో కట్టిన పేరు. అందులో ఉన్నది రాయి, మట్టి కాదు. మన చెవికి అది మందు పేరులా తగులుతుంది.

ఇక 'కమ్మని'. నాకు అసలు ఇబ్బంది ఇక్కడే. కమ్మన అనేది నేతికీ పప్పుకీ వాడే మాట, చదివేవాడు వంటింట్లోకి పోతాడు. ఈ వాసనకు దగ్గరిది కొత్త కుండలో మొదటిసారి నీళ్లు పోసినప్పుడు వచ్చేది. కనౌజ్‌లో మట్టి అత్తరు చేసేవాళ్లు చేసేదీ అదే: మట్టిని కాల్చి, రాగి డేగిసాలో నీళ్లతో మరిగించి, ఆ ఆవిరిని చందన తైలంలోకి దించుతారు. మనసు నిండిందని చెప్పకుండా, వాసన తగిలిన మనిషి ఏం చేసిందో చూపండి.

చెలక_రైతు: వాసన వచ్చింది, విత్తనం పెట్టాలా వద్దా అనేనా అడిగేది? పెట్టొద్దు. ఒక ఏడు మృగశిర జల్లుకు వాసన గుప్పున కొట్టింది, పత్తి గింజ పెట్టేశాం. పైన తడి, వేలు దించితే దుమ్ము. మొలక వచ్చి మాడిపోయింది, మళ్లీ కొన్నాం. 60–75 మిల్లీమీటర్లు పడ్డాకే పెట్టమంటారు. నాకు తెలిసిన పద్ధతి వేరే: లోపలి మట్టి పిడికెడు తీసి నొక్కితే ఉండ కావాలి.

అనంత_చినుకు: అన్నా, నేనడిగింది కవిత గురించి. కానీ మీ మాట నన్ను వదల్లేదు. అందరూ మొదటి చినుకు దగ్గర మొదలెడతారు, మా ఇంట్లో అమ్మకు చినుకుకు ముందే తెలుస్తుంది. మళ్లీ రాశాను:

ఇంకా చినుకు లేదు.
వడియాల గుడ్డ అంచు లేచింది.
అమ్మ పని ఆపి
గాలి పీల్చింది:
"ఎక్కడో పడింది."

దుక్కిలోకి దిగి నాన్న
పిడికెడు తీశాడు.
పైన తడి,
కింద
నిప్పు.

కొత్త_కుండ: 'పీల్చింది' చాలు, వాసన అనే మాట అక్కర్లేదు. ఎక్కడో పడిన వాన వాసనను గాలి ముందుగా మోసుకొస్తుంది కాబట్టి అమ్మ మాట నిజం కూడా. 'కింద' ఒంటరిగా నిలబడటం చూడండి శ్రీను గారూ. అక్కడ కన్ను ఆగుతుంది, వేలు దించి వెతికినట్టు. 'పైన తడి, కింద నిప్పు' అని ఒకే పాదంలో రాస్తే సామెతలా జారిపోతుంది. ఒక్కటే: 'నిప్పు' అందరూ వాడేది. 'కింద / ఇంకా రోహిణి' అంటే?

చెలక_రైతు: రోహిణి బాగుంది. మృగశిర వచ్చినా నేల లోపల కార్తె మారదు.

శ్రీను_గుంటూరు: విరుపు విషయం ఒప్పుకుంటున్నాను. కానీ పట్నంలో పుట్టిన మా అమ్మాయికి రోహిణి అంటే ఒక పేరు మాత్రమే. వాసన అనే మాటా తీసేసి, నిప్పూ తీసేస్తే ఆమెకు ఇది గాలివాన కవిత అనిపిస్తుంది, మట్టి అందదు. కనీసం శీర్షికలోనైనా 'మట్టి' ఉండాలి.

అనంత_చినుకు: రోహిణి ఉంచుతున్నాను. శీర్షిక 'ఎక్కడో పడింది' అనుకున్నాను, ఇప్పుడు 'పిడికెడు' కూడా ఊగుతోంది. సంపాదకులకు రెండూ రాసి పంపుతాను.