రొయ్యల రైతుల సందేశాలకు కొన్న సేవ చాలునా, ఓపెన్ మోడల్‌ను ఫైన్‌ట్యూన్ చేయాలా?

భీమవరం దగ్గర మాది మధ్యతరహా రొయ్యల మేత సంస్థ. రైతులు వాట్సాప్‌లో పంపే సందేశాలను వ్యాధి, మేత, నీరు అని వేరుచేసి టెక్నీషియన్లకు చేర్చాలి. మొదటినుంచి సొంత మోడల్ నిర్మించేంత తెలుగు డేటా గానీ, జీపీయూలు గానీ లేనందున ఆ ఆలోచన మానుకున్నాము. కొన్న భాషా మోడల్ సేవేమో, “చెక్ ట్రేలో మేత మిగిలింది, తెల్లారేసరికి రొయ్య పైకి తేలింది” అన్న సందేశాన్ని మేత ఫిర్యాదుల్లో వేసింది. అది నీటిలో ఆక్సిజన్ పడిపోయిన సూచన, ఆలస్యమైతే చెరువంతా పోతుంది. పైగా తెలుగు మాటలు ఎక్కువ టోకెన్లుగా విడిపోవడం వల్ల బిల్లూ పెరుగుతోంది.

ఓపెన్ మోడల్‌ను మా పాత సందేశాలతో లోరా పద్ధతిలో ఫైన్‌ట్యూన్ చేస్తే ఈ మాటతీరు పట్టుబడుతుందని నా నమ్మకం, కానీ సందేశాలు ఎక్కువగా తెల్లవారుజామునే వస్తాయి కనుక మిగతా వేళల్లో జీపీయూ అద్దె దండగ. ముందు ఇలాంటి ఉదాహరణలను కొన్న సేవకు ప్రాంప్టులోనే ఇచ్చి, విడిగా ఉంచిన సందేశాలపై దాన్నీ, ఫైన్‌ట్యూన్ చేసిన మోడల్‌నూ పోల్చడం సరైన క్రమమేనా? ఒక్కో వర్గానికి ఎన్ని సందేశాలుంటే ఫైన్‌ట్యూనింగ్ ఫలించిందో, అనుభవమున్నవారు దయచేసి తెలుపగలరు.